గేమ్ ఫైలు చేతికొచ్చింది సరే, దాని మీద సంతకం ఎవరిది?

ప్లే స్టోర్‌లో దొరకని గేమ్‌ని ఫోన్‌లోకి ఎక్కించుకోవడం మన జిల్లాల కుర్రాళ్లకు కొత్త విద్యేమీ కాదు. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది, అదే ఏడాది జులైలో పబ్జీకి మన దేశపు రూపమైన బీజీఎంఐ స్టోర్‌లోంచి మాయమై మళ్లీ 2023 మేలో గాని రాలేదు. అంతమాత్రాన శ్రీకాకుళం, విజయనగరం హాస్టళ్లలో ఆట ఆగిందా? ఫైలు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి, టెలిగ్రామ్ గ్రూపు నుంచి వాట్సాప్‌కి పాకుతూనే ఉంది. ఇలా స్టోర్‌తో పని లేకుండా ప్యాకేజీ ఫైలు తెచ్చుకుని మనమే ఇన్‌స్టాల్ చేసుకోవడాన్నే సైడ్‌లోడింగ్ అంటారు.

అది నేరమేమీ కాదు. ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ కంపెనీయే 2018లో తన గేమ్‌ని ప్లే స్టోర్‌లో పెట్టకుండా సొంత వెబ్‌సైట్ నుంచి ఇచ్చింది. ఎఫ్-డ్రాయిడ్ అనే స్టోర్ ఏళ్ల తరబడి ఓపెన్ సోర్స్ యాప్‌లను అలాగే ఇస్తోంది. కాబట్టి "బయటి ఫైలు అంటే వైరస్" అని పిల్లల్ని బెదిరిస్తే లాభం లేదు. ఆ మాట నిజం కాదని వాళ్లకి రెండో రోజుకే తెలిసిపోతుంది, ఆ తర్వాత మనం ఏం చెప్పినా వినరు. అసలు చూడాల్సింది వేరే ఉంది. ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు ఫోన్ ఏం తనిఖీ చేస్తుంది, ఏం చేయకుండా వదిలేస్తుంది అన్నది.

ఆండ్రాయిడ్‌లో ఆ ప్యాకేజీ ఫైలునే ఏపీకే అంటారు. అది నిజానికి ఒక జిప్ ఫైలు. పేరు చివర ఎక్స్‌టెన్షన్‌ని .zip అని మార్చి కంప్యూటర్‌లో తెరిస్తే లోపలి సరుకు కనిపిస్తుంది. classes.dex అనే దాంట్లో ప్రోగ్రామ్ కోడ్ ఉంటుంది. lib ఫోల్డర్‌లో గేమ్ ఇంజిన్ ఉంటుంది. బొమ్మలు, శబ్దాలు assets లో ఉంటాయి. AndroidManifest.xml లో యాప్ పేరు, వెర్షన్, అది అడగబోయే అనుమతుల చిట్టా ఉంటాయి. వీటన్నిటికీ కలిపి తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఒకటి ఉంటుంది. సంతకం లేని ఏపీకేని ఏ ఆండ్రాయిడ్ ఫోనూ తీసుకోదు.

చాలామంది పొరబడేది ఈ సంతకం దగ్గరే. సంతకం ఉందంటే ఎవరో పరిశీలించి ముద్ర వేశారనుకుంటారు. బ్యాంకు వెబ్‌సైట్ సర్టిఫికెట్‌నైతే ఒక గుర్తింపు పొందిన సంస్థ జారీ చేస్తుంది. ఏపీకే సర్టిఫికెట్‌ని డెవలపర్ తనకు తానే తయారు చేసుకుంటాడు. పేరు చోట ఏం రాసుకున్నా అడిగే నాథుడు లేడు. అది పాత తాకట్టు కాగితం మీద వేలిముద్ర లాంటిది. అప్పుడొచ్చిన మనిషే ఇప్పుడూ వచ్చాడా అన్నది చెప్పగలదు గానీ, అతనెవరు, మంచివాడా కాదా అన్నది చెప్పలేదు.

అందుకే ఫోన్ తనిఖీ రెండే ముక్కల్లో అయిపోతుంది. సంతకం పడ్డాక ఫైల్లో ఎవరైనా చెయ్యి పెట్టారా? ఇదే పేరుతో యాప్ ముందే ఉంటే, దాని మీద ఉన్నదీ దీని మీద ఉన్నదీ ఒకే తాళంచెవితో చేసిన సంతకమేనా? ఈ రెండూ సరిపోతే సంతకం పని అంతటితో సరి. ఫోన్‌లో ఉండే గూగుల్ భద్రతా తనిఖీ, ప్లే ప్రొటెక్ట్, స్కాన్ చేస్తుంది గానీ అది వేరే అంచె, దాని సంగతి తర్వాత.

ఇప్పుడు ఒక ఫైలు సంగతి చూద్దాం. బొబ్బిలిలో కిరాణా కొట్టు నడిపే ఒకాయన ఫోన్ అది. కొట్టు క్యూఆర్ కోడ్ డబ్బులు పడేదీ, బ్యాంకు మెసేజీలు వచ్చేదీ అందులోనే. సాయంత్రం కొట్టు రద్దీ తగ్గాక పదో తరగతి చదివే కొడుకు అదే ఫోన్‌లో కారు రేసుల గేమ్ ఆడతాడు. ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఆ గేమ్‌కే "అన్‌లిమిటెడ్ కాయిన్స్" మాడ్ దొరికింది. మాడ్ అంటే అసలు గేమ్ కోడ్ మార్చి తయారుచేసిన నకలు. వాడు ఫైలు దించి నొక్కితే ఫోన్ ఒప్పుకోలేదు. తెరమీద App not installed as package conflicts with an existing package అని వచ్చింది. గ్రూపులో అడిగితే "పాతది తీసేసి ఇది వెయ్యి బ్రో" అన్నారు. తీసేశాడు, వేశాడు, ఎక్కింది. కాయిన్లూ వచ్చాయి. రెండు రోజులు పోయాక కొట్టాయనకి బ్యాంకు ఓటీపీలు అడగకుండానే రావడం మొదలైంది. కొడుకుని కోప్పడితే "ఆటే కదా నానా, ఏటవుద్ది?" అన్నాడట.

ఆ ఎర్రర్ మెసేజే సంతకం చేసిన హెచ్చరిక. అసలు గేమ్ కంపెనీ తాళంచెవి కంపెనీ దగ్గరో, వాళ్ల తరఫున గూగుల్ దగ్గరో ఉంటుంది, బయటికి రాదు. గేమ్‌లో ఒక్క అక్షరం మార్చినా పాత సంతకం చెల్లదు. కాబట్టి మాడ్ చేసేవాడు తప్పనిసరిగా తన సొంత తాళంచెవితో కొత్త సంతకం పెట్టాలి. అసలు గేమ్‌తో సంతకం కలిసే మాడ్ ఉండదు, ఉండలేదు. పేరొకటే, సంతకం వేరు కాబట్టి ఫోన్ అడ్డం పడింది. పాత యాప్ తీసేయగానే పోల్చి చూడటానికి ఏమీ మిగల్లేదు. అడ్డు చెప్పడానికి ఫోన్‌కి ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని కుర్రాడి చేతే తీయించారన్నమాట.

ఆ ఫైల్ని లాప్‌టాప్‌లోకి తెచ్చి చూడటం పెద్ద కష్టం కాదు. ఆండ్రాయిడ్ డెవలపర్లకు గూగుల్ ఉచితంగా ఇచ్చే బిల్డ్ టూల్స్‌లో apksigner ఉంటుంది.

```
apksigner verify --print-certs game.apk
```

వచ్చిన జవాబులో మొదటి వరస ఇది:

```
Signer #1 certificate DN: EMAILADDRESS=android@android.com,
CN=Android, OU=Android, O=Android, L=Mountain View,
ST=California, C=US
```

మౌంటెన్ వ్యూ, కాలిఫోర్నియా అని చూసి పక్కనున్న కుర్రాడు "గూగుల్ వాళ్లదే కదన్నా" అన్నాడు. అలా అనుకోవడం సహజమే. కానీ ఇది ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌తో పాటు పరీక్షల కోసం బహిరంగంగా పెట్టిన టెస్ట్ కీ. దాని SHA-256 వేలిముద్ర a40da80a తో మొదలవుతుంది. దీని రహస్య తాళంచెవి ఇంటర్నెట్‌లో ఎవరైనా దించుకోవచ్చు. ఫోన్ మీదే ఏపీకేలు మార్చే పనిముట్లు చాలావరకు అడగకపోతే ఈ కీతోనే సంతకం పెట్టేస్తాయి.

దీనివల్ల ఏం జరుగుతుందో ఆలోచిస్తే గానీ ఆ వరస విలువ తెలియదు. ఆ మాడ్ చేసినవాడు మంచివాడే అనుకుందాం, కాయిన్లు తప్ప ఇంకేం ముట్టుకోలేదనుకుందాం. అయినా రేపు ఇంకొకడు అదే గేమ్ పేరుతో, వెర్షన్ నంబరు ఒకటి పెంచి, అదే టెస్ట్ కీతో ఇంకో ఫైలు తయారుచేసి "కొత్త అప్‌డేట్" అని గ్రూపులో పడేయొచ్చు. ఈసారి ఫోన్ అడ్డం పడదు. సంతకం కలిసింది కాబట్టి మామూలు అప్‌డేట్‌లాగే ఎక్కించుకుంటుంది, పాత యాప్‌కి ఇచ్చిన అనుమతులన్నీ కొత్తదానికీ దక్కుతాయి. పాత తాకట్టు కాగితం మీది వేలిముద్ర ఊరందరి చేతికీ ఉన్నట్టే.

తర్వాత చూడాల్సింది అనుమతుల చిట్టా.

```
aapt2 dump permissions game.apk
```

కారు గేమ్‌కి ఇంటర్నెట్, వైబ్రేషన్ అనుమతులు ఉండటం మామూలే. ఇందులో మాత్రం ఇవి కూడా కనిపించాయి:

```
android.permission.RECEIVE_SMS
android.permission.SYSTEM_ALERT_WINDOW
android.permission.REQUEST_INSTALL_PACKAGES
```

మొదటిది వచ్చే ఎస్సెమ్మెస్‌లు చదవడానికి, అంటే ఓటీపీలు. రెండోది వేరే యాప్‌ల మీద తన తెర పరచడానికి. మూడోది తనే ఇంకో యాప్‌ని ఇన్‌స్టాల్ చేయమని అడగడానికి. ఇంటర్నెట్, వైబ్రేషన్ తప్ప వీటిలో ఏదీ చిట్టాలో ఉన్నంతమాత్రాన దక్కదు, మనం ఒప్పుకోవాలి. కానీ గేమ్ తెరవగానే వరసగా వచ్చే ప్రశ్నలకి పిల్లాడు చదవకుండా "అనుమతించు" నొక్కుకుంటూ పోతాడు, ఆట మొదలవ్వాలి కదా. అసలు గేమ్‌కీ దీనికీ చిట్టా పోల్చి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష. లాప్‌టాప్ లేకపోయినా ఫర్వాలేదు. ప్లే స్టోర్‌లో ఆ గేమ్ పేజీలో "ఈ యాప్ గురించి" కిందికి వెళ్తే అసలు అనుమతులు కనిపిస్తాయి.

ఈ పోలిక పద్ధతికి పాత ఉదాహరణ ఒకటుంది. 2016 జులై మొదటి వారంలో పోకెమాన్ గో గేమ్ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో విడుదలైంది. మిగతా దేశాలవాళ్లు ఆగలేక ఏపీకేల కోసం ఎగబడ్డారు. మన దేశానికి అది అధికారికంగా వచ్చింది డిసెంబరులో. ఈలోగా, విడుదలై మూడు రోజులైనా తిరక్కుండానే, డ్రాయిడ్‌జాక్ అనే దూరనియంత్రణ పురుగుని లోపల దాచిన నకలు బయటపడిందని ప్రూఫ్‌పాయింట్ అనే భద్రతా సంస్థ చెప్పింది. ఆ నకలు తెరిస్తే అచ్చం అసలు గేమే నడిచేది. ఆటగాడు గుర్తుపట్టగల తేడా అనుమతుల్లోనే ఉంది. ఎస్సెమ్మెస్‌లు చదవడం, పంపడం, మైకు రికార్డింగు, కాల్ లాగ్ వంటివి నకలు అదనంగా అడిగింది.

అయితే ఆ permissions చిట్టాలో కనపడని ప్రమాదం ఇంకోటుంది, నా లెక్కన అదే పెద్దది. చూపు సరిగా లేనివాళ్ల కోసం ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ అనే సదుపాయం ఉంది. దాన్ని పొందిన యాప్ తెరమీద ఏముందో చదవగలదు, మన బదులు వేలితో నొక్కగలదు. మామూలుగా ఒక యాప్ ఇంకో యాప్ సొత్తు ముట్టుకోకుండా ఆండ్రాయిడ్ దేని గది దానికి విడిగా కడుతుంది. అనుమతులేవీ ఇవ్వని మాడ్ గేమ్, ఎంత దొంగదైనా, ఫోన్‌పే లోపలి డేటా చదవలేదు. యాక్సెసిబిలిటీ ఇస్తే మాత్రం గోడ బద్దలు కొట్టే పనే లేదు, మన కళ్లూ వేళ్లూ దాని చేతికిచ్చినట్టే. కొన్ని బ్యాంకింగ్ దొంగ యాప్‌లు మనం తీసేయడానికి సెట్టింగ్స్ తెరవగానే వెనక్కి బటన్ తామే నొక్కేస్తాయి కూడా. ఈ సదుపాయం అడుగుతుందో లేదో చూడాలంటే మేనిఫెస్ట్ మొత్తం చదవాలి:

```
aapt2 dump xmltree --file AndroidManifest.xml game.apk
```

ఇందులో BIND_ACCESSIBILITY_SERVICE అన్న మాట కనపడితే ఆ గేమ్‌ని ఎక్కించాల్సిన పని లేదు. ఏ కారు గేమ్‌కీ అది అక్కర్లేదు.

గూగుల్ ఇన్నేళ్లుగా వేస్తున్న తాళాలు ఈ దారులకే. ఆండ్రాయిడ్ 8 కి ముందు "తెలియని మూలాలు" అని ఫోన్ మొత్తానికి ఒకే స్విచ్ ఉండేది. 2017లో వచ్చిన 8 నుంచి ఏ యాప్ ద్వారా ఫైలు వస్తుందో దానికి విడిగా ఒప్పుకోవాలి, టెలిగ్రామ్‌కి వేరు, క్రోమ్‌కి వేరు. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి ఫైలుగా వచ్చిన యాప్ యాక్సెసిబిలిటీ అడిగితే "పరిమితం చేసిన సెట్టింగ్" అని ఆపుతుంది. దొంగలు దీనికీ సందు వెతికారు. మొదట ఒక చిన్న, అమాయకమైన యాప్ ఎక్కుతుంది. అది స్టోర్ యాప్‌లు వాడే పద్ధతిలో రెండో యాప్‌ని ఎక్కిస్తుంది, అలా వచ్చినదానికి ఆ అడ్డు పడేది కాదు. బొబ్బిలి ఫోన్‌లో ఉన్న మూడో అనుమతి ఇందుకే. గేమ్ తెరవగానే "అప్‌డేట్ అవసరం" అని ఒక తెర వచ్చింది, పిల్లాడు నొక్కాడు, యాప్‌ల జాబితాలో "అప్‌డేట్ సర్వీస్" పేరుతో ఇంకోటి చేరింది. ఓటీపీలు చదివింది గేమ్ కాదు, అది.

ఇన్‌స్టాల్ చేసే పద్ధతి తేడా వస్తే పెద్ద కంపెనీ గేమ్ కూడా చిక్కులో పడుతుంది. 2018లో ఫోర్ట్‌నైట్ ఇన్‌స్టాలర్ శాంసంగ్ ఫోన్లలో గేమ్ ఫైల్ని అందరికీ అందుబాటులో ఉండే స్టోరేజీలోకి దించేది. దించిన క్షణానికీ ఇన్‌స్టాల్ చేసే క్షణానికీ మధ్య వేరే యాప్ ఆ ఫైల్ని మార్చేయగలదని గూగుల్ ఇంజినీర్లు కనిపెట్టారు. ఇన్‌స్టాలర్ చూసింది ప్యాకేజీ పేరొక్కటే, సంతకం చూడలేదు. పైగా మార్చిన ఫైలు తాను పాతకాలం ఆండ్రాయిడ్ కోసం తయారైనదాన్నని చెప్పుకుంటే అనుమతులన్నీ అడక్కుండానే దక్కేవి. ఎపిక్ రెండు రోజుల్లోపే దాన్ని సరిచేసింది. పాతదాన్నని చెప్పుకునే ఎత్తుని ఆండ్రాయిడ్ 14 చాలావరకు కట్టేసింది. ఆండ్రాయిడ్ 6 కన్నా పాతవాటి కోసం తయారైన యాప్‌లను అది ఇన్‌స్టాలే చేయనివ్వదు.

ఇక లాగిన్ సంగతి. డబ్బు పోకపోయినా మాడ్‌ల వల్ల ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. గేమ్‌లో "గూగుల్‌తో సైన్ ఇన్" నొక్కినప్పుడు గూగుల్ ఆ యాప్ ప్యాకేజీ పేరుతో పాటు సంతకం వేలిముద్ర కూడా చూస్తుంది. మాడ్ సంతకం వేరు కాబట్టి అది పనిచేయదు. నిజాయితీ ఉన్న మాడ్‌లు "గెస్ట్‌గా ఆడండి" అంటాయి. మిగతావి గేమ్ లోపలే ఒక వెబ్‌పేజీ తెరిచి ఈమెయిలు, పాస్‌వర్డు టైపు చేయమంటాయి. అసలు సైన్ ఇన్ అయితే ఫోన్‌లో ఉన్న అకౌంట్ల జాబితా చూపించి ఒకటి ఎంచుకోమంటుంది, పాస్‌వర్డు అడగదు. యాప్ లోపలి బ్రౌజర్ పెట్టెలో గూగుల్ తన లాగిన్ పేజీని ఒప్పుకోదు కూడా. కాబట్టి గేమ్ తెరలోనే గూగుల్ పాస్‌వర్డు పెట్టె కనిపిస్తే అది గూగుల్‌ది కాదు.

ఫైల్ని చాలా స్కానర్లతో ఒకేసారి చూసే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో పెట్టి చూశామండీ, అంతా పచ్చగా వచ్చింది అంటారు కొందరు. పెట్టడం మంచిదే. కానీ మాడ్‌ని ఒకసారి మళ్లీ ప్యాక్ చేసి సంతకం పెడితే చాలు, ఫైల్ని గుర్తుపట్టే హ్యాష్ అనే సంఖ్య మారిపోతుంది, ఏ స్కానర్‌కీ అది పాత పరిచయం కాదు. ఎర్ర గుర్తు వస్తే నమ్మండి, పచ్చ గుర్తు వస్తే సగమే నమ్మండి. ప్లే ప్రొటెక్ట్ ఈ విషయంలో కాస్త మెరుగు. ఎప్పుడూ చూడని ఫైలైతే అప్పటికప్పుడు కోడ్ స్థాయిలో స్కాన్ చేసే పద్ధతిని గూగుల్ 2023 అక్టోబరులో మొదట మన దేశంలోనే మొదలుపెట్టింది. అందుకే గ్రూపుల్లో ఫైలుతో పాటు "ముందు ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చెయ్యండి" అన్న వీడియో కూడా వస్తుంది. ఫైలు లోపల ఏముందో చూడక్కర్లేదు, ఆ వీడియో చాలు.

సంతకం వెనక మనిషెవరో తెలియకపోవడమనే మూల సమస్య మీద కూడా గూగుల్ చెయ్యి వేస్తోంది. స్టోర్ బయట ఇచ్చే యాప్‌లకైనా డెవలపర్ గుర్తింపు నిర్ధారణ ఉండాలనీ, 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెడతామనీ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఎఫ్-డ్రాయిడ్ వాళ్లు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. వాళ్ల వాదనలో పస ఉంది: సొంత ఫోన్‌లో ఏం వేసుకోవాలో ఒక కంపెనీ తేల్చడం ఏంటని.

బొబ్బిలి ఫోన్‌కి తిరిగి వస్తే, అక్కడ చేసిన పనుల వరస చెప్పుకోదగ్గది. ముందు డేటా, వైఫై రెండూ ఆపేయాలి, ఓటీపీ చదివినా ఇంటర్నెట్ మీద బయటికి పంపలేకుండా. ఆ వెంటనే వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కీ ఫోన్ చేయాలి. డబ్బు పోయి ఉంటే ఆ నంబరుకి ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో దాన్ని ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. కస్టమర్ తప్పు లేని మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే కస్టమర్ మీద భారం పడకూడదని రిజర్వ్ బ్యాంకు 2017 ఆదేశాలు చెప్పాయి. తప్పు కస్టమర్‌దే అని బ్యాంకు వాదించినా, మనం చెప్పిన తర్వాత పోయినదానికి బ్యాంకే బాధ్యత. తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ జాబితా, డివైజ్ అడ్మిన్ జాబితా చూసి తెలియనివి ఆపాలి, అప్పుడు యాప్‌లు తీసేయాలి. తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో తెరవాలి, అందులో బయటి యాప్‌లు నడవవు. కొట్టాయన ఫోన్‌లో గేమ్ తీసేస్తే పోయింది గానీ "అప్‌డేట్ సర్వీస్" సేఫ్ మోడ్‌లో గాని పోలేదు. ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించేశారు, అదే మంచిదయింది. పాస్‌వర్డులు మార్చాల్సింది ఆ పని అయ్యాకే, లేదా వేరే ఫోన్ నుంచి.

ఇలాంటివి మీ ఇంట్లో ఫోన్‌లో ఉన్నాయో లేదో చూడటానికి లాప్‌టాప్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో ఒక్కోదాన్ని తెరిచి అడుగుదాకా జరిపితే, చాలా ఫోన్లలో ఆ యాప్ ఎక్కణ్నుంచి వచ్చిందో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ప్లే స్టోర్ అని గాని, ఫోన్ కంపెనీ స్టోర్ అని గాని లేనివి బయట నుంచి వచ్చినవే. ఆ తర్వాత సెట్టింగ్స్ వెతికే పెట్టెలో Install unknown apps అని కొట్టి చూడండి. ఎప్పుడో ఒకసారి నొక్కిన అనుమతి టెలిగ్రామ్‌కీ, క్రోమ్‌కీ, ఫైల్ మేనేజర్‌కీ అలాగే ఉండిపోతుంది. దాన్ని ఆపితే కొత్త ఫైళ్లకి మళ్లీ అడుగుతుంది. ఇదివరకే ఎక్కినవి మాత్రం అక్కడ ఆపినంతమాత్రాన పోవు, వాటిని విడిగా తీయాల్సిందే.